ఐదు అంకెలు లెక్కపెట్టే అక్క

ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకునే ప్రాథమిక పాఠశాలలో, ఒక టీచరు సెలవు పెట్టిన రోజున ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఐదో తరగతిలో చురుకైన అమ్మాయిని పిలిచి "ఒకటో క్లాసు వాళ్లను కాస్త చూసుకోమ్మా" అంటారు. ఆ అమ్మాయి చాక్‌పీసు అందుకుని బోర్డు మీద గుణింతం రాస్తుంది. స్కేలుతో ఒక్కొక్క అక్షరాన్నీ చూపిస్తూ పిల్లలందరిచేతా పలికిస్తుంది. వీధి చివరిదాకా వినపడుతుంది. క్లాసు అదుపులో ఉంటుంది, నిజమే. కానీ ఎవరికి చదవడం వచ్చింది, ఎవరు పక్కవాడి నోరు చూసి పలుకుతున్నారు అన్నది ఆ అరుపుల్లో తేలదు.

పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించడం మన వీధిబడుల నాటి అలవాటే. 1823లో బళ్లారి జిల్లా కలెక్టర్ క్యాంబెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక రాస్తూ, ముందున్న విద్యార్థులు వెనకున్నవారికి చెప్పే ఈ పద్ధతిని మెచ్చుకున్నాడు. చెప్పేవాడి చదువు కూడా దానివల్ల గట్టిపడుతుందని గమనించాడు. అంతకు ముందే మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు ఇక్కడి పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దడం చూసి, తన బడిలోనూ పెద్దపిల్లలచేత చిన్నవాళ్లకు చెప్పించాడు. 1797లో లండన్‌లో ఆ అనుభవాన్ని అచ్చు వేయించాడు. అది 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండ్‌లో చాలా బడులకు పాకింది. అయితే అక్కడ ఒక్కొక్క పెద్దపిల్లవాడి కింద పెద్ద గుంపును కూర్చోబెట్టారు. గుంపు పెరిగేకొద్దీ చదువు తగ్గి, వల్లెవేత మిగిలింది.

ఇప్పుడు చాలా దేశాల బడుల్లో 'బడ్డీ రీడింగ్' పేరుతో నడుస్తున్న పద్ధతిలో గుంపు లేదు. ఒక పెద్ద, ఒక చిన్న, ఇద్దరి మధ్యా ఒక పుస్తకం. అంతే. మన పిల్లలు దాన్ని జంట చదువు అన్నా, జోడీ చదువు అన్నా ఇబ్బంది లేదు. 1970లలో బ్రిటన్‌లో రోజర్ మోర్గన్ అనే మనస్తత్వవేత్త, ఇంట్లో తల్లిదండ్రులు పిల్లల్ని చదివించడానికి ఒక సులువైన పద్ధతి తయారుచేశాడు. తర్వాత కీత్ టాపింగ్ అనే ఆచార్యుడు దాన్ని బడికి తెచ్చి, తల్లిదండ్రుల స్థానంలో తోటి విద్యార్థుల్ని కూర్చోబెట్టాడు. స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో 129 ప్రాథమిక పాఠశాలల్లో ఈ పద్ధతిని రెండేళ్లు పరీక్షించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. ఒకే తరగతి పిల్లల్ని జతచేసినచోట పెద్ద లాభం కనపడలేదు. పెద్ద తరగతివాళ్లను చిన్న తరగతివాళ్లతో జతచేసినచోట కనపడింది, అదీ ఇద్దరికీ. మన 2020 జాతీయ విద్యావిధానం కూడా టీచర్ల పర్యవేక్షణలో పిల్లలు పిల్లలకు చెప్పడాన్ని ప్రోత్సహించమంటోంది.

ఎలా చెప్పాలో విధానపత్రాల్లో ఉండదు. నా దృష్టిలో ఈ పథకం అంతా ఒక్క క్షణం మీద ఆధారపడి ఉంది. చిన్నవాడు ఒక మాట దగ్గర ఆగిపోయినప్పుడు పెద్దపిల్ల ఏం చేస్తుంది? చాలామంది వెంటనే ఆ మాట చెప్పేస్తారు. మరికొందరు "ఇది కూడా రాదా?" అంటారు. మొదటిది చదువును లాగేసుకుంటుంది, రెండోది పిల్లవాణ్ణి పుస్తకానికి దూరం చేస్తుంది. ఈ రెండూ జరగకుండా పెద్దపిల్లలకు నేర్పగలిగితే మిగిలినదంతా సర్దుబాటు చేసుకోవచ్చు.

ముందు జంటలు. చాలాచోట్ల బాగా చదివే ఐదో తరగతి పిల్లను, అసలు చదవలేని రెండో తరగతి పిల్లవాడి పక్కన కూర్చోబెడతారు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది గానీ ఇద్దరూ వారం తిరక్కుండానే విసిగిపోతారు. మేలైన పద్ధతి వేరే ఉంది. ఐదో తరగతి పిల్లల పేర్లు చదివే సామర్థ్యాన్ని బట్టి పైనుంచి కిందికి ఒక కాగితం మీద రాయండి. రెండో తరగతి పేర్లు అలాగే మరో కాగితం మీద రాయండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మొదటి పేరుకు మొదటి పేరు, చివరి పేరుకు చివరి పేరు కలపండి. అప్పుడు ప్రతి జంటలోనూ తేడా దాదాపు ఒకేలా ఉంటుంది. పెద్దవాళ్లు ఎప్పుడూ చిన్నవాళ్లకంటే కాస్త ముందుంటారు, మరీ అందనంత దూరంలో ఉండరు.

ఇందులో పైకి కనపడని మేలు ఒకటి ఉంది. దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో సుమారు సగం మంది రెండో తరగతి స్థాయి పాఠం చదవలేకపోతున్నారని 'అసర్' సర్వేలు చెబుతూనే ఉన్నాయి. అలాంటి పిల్లవాడి చేతికి ఒకటో తరగతి పుస్తకం ఇచ్చి చదవమంటే తలవంపులుగా ఉంటుంది, తోటివాళ్లు నవ్వుతారు. అదే పుస్తకం తమ్ముడికి చదివించడానికి ఇస్తే అది గౌరవం. వాడు ముందురోజు దాన్ని ఇంటికి తీసుకెళ్లి రెండుసార్లు చదువుకుని వస్తాడు. తనకు రాని మాటలు టీచర్ని అడుగుతాడు. ఐదో తరగతి చివరి వరసలో కూర్చునే పిల్లలకు సిగ్గుపడకుండా తేలిక పుస్తకం పట్టుకునే అవకాశం ఇంతకంటే మరోటి నాకు తెలియదు.

జంటలు కలపడం టీచరు పనే. "మీకు నచ్చినవాళ్లను ఎంచుకోండి" అంటే ఊళ్లోని వాడల గీతలు బడిలోనూ పడతాయి. కొందరు చిన్నపిల్లలు ఎవరికీ కాకుండా మిగిలిపోతారు. ఆ బాధ వాళ్లకు చాలాకాలం ఉంటుంది. సొంత అన్నదమ్ముల్ని, అక్కాచెల్లెళ్లను కూడా జంట కట్టకపోవడం మంచిది, ఇంటి తగాదాలు పుస్తకం మీదికి వస్తాయి. ఇద్దరు పెద్దపిల్లల్ని ఏ జంటలోనూ పెట్టకుండా పక్కన ఉంచుకోవాలి. మిరప కోతలప్పుడు, పత్తి తీతలప్పుడు, పండగలకు ఎవరో ఒకరు బడికి రారు. రానివాళ్ల బదులు వీళ్లు కూర్చుంటారు. ఈ ఏర్పాటు లేని బడిలో జంట తెగిన చిన్నపిల్లవాడు కిటికీలోంచి చూస్తూ ఇరవై నిమిషాలు గడుపుతాడు.

ఇక పుస్తకాలు. పాఠ్యపుస్తకం వద్దు. అది పరీక్షను గుర్తుచేస్తుంది, పైగా సగం పాఠాలు పిల్లలకు నోటికి వచ్చేసి ఉంటాయి. నోటికి వచ్చిన పాఠాన్ని అప్పజెబుతుంటే చదువుతున్నట్టే వినిపిస్తుంది. పాత చందమామలు పెద్దలకు ప్రాణం గానీ రెండో తరగతి కంటికి ఆ పేరాలు మరీ పొడుగు. ఒక్కో పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, బొమ్మలు ఉన్న ఎనిమిది, పదహారు పేజీల పుస్తకాలు కావాలి. ప్రథమ్ బుక్స్‌వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఇలాంటి తెలుగు పుస్తకాలు నాలుగు స్థాయిలుగా విడదీసి ఉన్నాయి. ఉచితంగా దించుకుని అచ్చు తీసుకోవచ్చు. పది జంటలకు ఇరవై పుస్తకాలుంటే మొదటి రెండు నెలలు నడుస్తాయి. పుస్తకం కష్టమో తేలికో తేల్చడానికి పిల్లలకే ఒక ఉపాయం నేర్పవచ్చు. ఒక పేజీ చదువుతూ రాని మాట తగిలినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పెద్ద కథల పుస్తకాల్లో ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం కష్టమని లెక్క. పేజీకి ఇరవై మాటలే ఉండే చిన్న పుస్తకంలో మూడో వేలు ముడవగానే దాన్ని మార్చేయాలి.

వారానికి మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఎనిమిది వారాలు ఒక విడత. రోజూ పెడితే టీచరుకు భారమై రెండో వారంలోనే ఆగిపోతుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోకూడదు, ఒకరికి అక్షరాలు తలకిందులుగా కనపడతాయి. పక్కపక్కన కూర్చోవాలి, పుస్తకం చిన్నవాడి చేతిలో ఉండాలి, పేజీ చిన్నవాడే తిప్పాలి. పెద్దపిల్ల పుస్తకం పట్టుకుందంటే ఐదు నిమిషాల్లో చదువు కూడా ఆమె చేతిలోకి వెళ్లిపోతుంది. వరండాలోనో వేపచెట్టు కిందో జంటకూ జంటకూ మధ్య నాలుగు అడుగులు వదిలితే ఒకరి గొంతు ఒకరికి అడ్డురాదు.

ఎవరి పని ఏమిటో పిల్లలకు ఒక్కొక్క మాటలో చెప్పవచ్చు. అక్క వింటుంది, ఆగుతుంది, రాస్తుంది. తమ్ముడు చదువుతాడు, అడుగుతాడు, ఎంచుకుంటాడు. ఇందులో 'ఎంచుకుంటాడు' అన్నది పిల్లలకు బాగా నచ్చే భాగం. టీచరు ఇచ్చిన మూడు పుస్తకాల్లో ఆ రోజు ఏది చదవాలో చిన్నవాడిష్టం. నచ్చకపోతే మధ్యలో వదిలేసే హక్కు కూడా వాడిదే.

చదివే తీరు ఇలా ఉంటుంది. ముందు ఇద్దరూ కలిసి, ఒకే గొంతుగా, చిన్నవాడి వేగంతో చదువుతారు. ధైర్యం వచ్చాక చిన్నవాడు పుస్తకం మీద వేలితో రెండుసార్లు తడతాడు. అంటే "ఇక నేనే చదువుతాను" అని అర్థం. అక్క వెంటనే గొంతు ఆపేస్తుంది. ఎక్కడైనా చిక్కుకుంటే అక్క సాయం చేసి, మళ్లీ కాసేపు కలిసి చదువుతుంది, మళ్లీ తట్టేదాకా. తప్పు చేసినప్పుడు చిన్నవాడు ఒంటరి కాడు, బాగా వచ్చినప్పుడు అడ్డుపడేవాళ్లు ఉండరు. మోర్గన్, టాపింగ్‌ల పద్ధతికి ఇదే మూలం.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 'పిట్ట గూడు' అని ఎనిమిది పేజీల పుస్తకం ఉందనుకుందాం. ఐదో తరగతి అమ్మాయి, రెండో తరగతి అబ్బాయి. మొదటి పేజీలో "చెట్టు మీద పిట్ట ఉంది. గూట్లో రెండు గుడ్లు ఉన్నాయి" అని ఉంది. పుస్తకం తెరవక ముందు అక్క అట్ట చూపించి అడుగుతుంది: "ఇందులో ఏముంటుందనుకుంటున్నావురా?" వాడు "పిట్ట పిల్లలు" అంటాడు. తప్పో ఒప్పో అక్క చెప్పదు. "చూద్దాం పద" అంటుంది.

కలిసి ఒకసారి చదివాక వాడు రెండుసార్లు తట్టి మొదలుపెడతాడు. "చెటు మీద..." అంటాడు. ఒత్తు జారిపోయింది. అక్క ఇక్కడ "తప్పు" అనకూడదు. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు లెక్కపెట్టాలి. వాక్యం చివరికి వచ్చేసరికి అర్థం కుదరక చాలాసార్లు పిల్లలే వెనక్కి వెళ్లి దిద్దుకుంటారు. ఈ అబ్బాయి దిద్దుకోలేదు. అప్పుడు అక్క ఆ మాట కింద వేలు పెడుతుంది. "ఈ అక్షరం కింద ఏముంది?" "ట ఒత్తు." "అయితే కలిపి చదువు." "చెట్... చెట్టు." "ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదువు." ఈ చివరి మాట తప్పనిసరి. ఒక్క మాట దిద్దుకుని ముందుకుపోతే వాక్యం ముక్కలుగానే మిగిలిపోతుంది, అర్థం తలకెక్కదు.

తర్వాత "గూట్లో" దగ్గర వాడు పూర్తిగా ఆగిపోతాడు. అక్క మళ్లీ ఐదు లెక్కపెడుతుంది. వేలు పెట్టి చూపిస్తుంది. అయినా రాలేదు. ఇక ఆలస్యం చేయకుండా తనే "గూట్లో" అంటుంది, వాడు అంటాడు, మళ్లీ వాక్యం మొదటినుంచి చదువుతాడు. ఆ మాటను అక్క పక్కనున్న చీటీలో రాసుకుంటుంది. దీనంతటికీ పావు నిమిషం పడుతుంది. పది నిమిషాల చదువులో ఇలాంటివి నాలుగైదుకు మించి జరుగుతుంటే పుస్తకం మార్చమని అర్థం.

ఇక్కడ టీచర్లు జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ పుస్తకాలకోసం తయారైన సూచనల్లో "రాని మాట వస్తే బొమ్మ చూసి ఊహించు" అని తరచు కనపడుతుంది. తెలుగుకు ఆ సలహా పనికిరాదు. మన లిపిలో రాసినదే పలుకుతాం. అక్షరం, గుణింతం, ఒత్తు మూడూ చూస్తే మాట దొరుకుతుంది. బొమ్మ చూసి ఊహించడం అలవాటైన పిల్లవాడు 'కొమ్మ' ఉన్నచోట 'చెట్టు' అని ధీమాగా చదువుకుంటూ పోతాడు. బొమ్మ గురించి చదవక ముందూ, చదివాకా మాట్లాడుకోవచ్చు. మాట రానప్పుడు మాత్రం కన్ను అక్షరం మీదికే వెళ్లాలి. ఇంగ్లిష్ పుస్తకం చదువుతున్నప్పుడు సంగతి వేరు. అక్కడ స్పెల్లింగుకూ పలుకుబడికీ పొంతన ఉండదు కాబట్టి ఐదు లెక్కపెట్టి అక్క మాట చెప్పేయడమే మంచిది.

ఆఖరి ఐదు నిమిషాలు మాటలకు. చదివించే పిల్లలకు ప్రశ్నలు తట్టవు, అందరూ "నీతి ఏమిటి?" అని అడుగుతారు. అందుకే ఒక అట్టముక్క మీద నాలుగైదు ప్రశ్నలు రాసి పుస్తకంలో పెట్టాలి. "నీకు ఏ పేజీ బాగా నచ్చింది? మళ్లీ చూపించు." "పిట్ట ఎందుకు భయపడింది?" "నువ్వైతే ఏం చేసేవాడివి?" "ఇలాంటిది మన ఊళ్లో ఎక్కడైనా చూశావా?" "నాకు అర్థం కానిది ఒకటి నువ్వు చెప్పు." రోజుకు రెండు ప్రశ్నలు చాలు. జవాబు ఒక్క మాటలో వస్తే "ఎందుకు?" అని ఒక్కసారి అడిగి ఆగిపోవాలి. పిల్లవాడు ఇంటి భాషలో, తన యాసలో జవాబు చెబితే అక్క దాన్ని పుస్తకం భాషలోకి దిద్దకూడదు. అది మాట్లాడే సమయం, పరీక్ష కాదు.

ఈ పనంతా పిల్లలకు ఎలా వస్తుంది? మొదలుపెట్టే ముందు పెద్దపిల్లలకు రెండు రోజులు, అరగంట చొప్పున తర్ఫీదు ఇవ్వాలి. టీచరు చిన్నపిల్లవాడిలా నటించి కావాలని "చెటు" అని చదివితే ఐదో తరగతి పిల్లలు పకపకా నవ్వి వెంటనే దిద్దేస్తారు. "ఇప్పుడు ఐదు లెక్కపెట్టండి" అని మళ్లీ చదవాలి. ఆ ఐదు అంకెలు లెక్కపెట్టడం వాళ్లకు ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. తెలిసినదాన్ని నోట్లో ఆపుకోవడం పెద్దలకే కష్టం. ఆ తర్వాత వాళ్లే ఒకరికొకరు అక్కాతమ్ముళ్లుగా నటిస్తూ సాధన చేస్తారు.

ఇప్పుడు నమోదు పత్రం సంగతి. మన బడుల్లో రిజిస్టర్లకు కొదవ లేదు, వాటిని తిరిగి చూసే తీరికకే కొరత. కాబట్టి ఈ కాగితం పిల్లలే నింపేదిగా, టీచరు ఒక్క చూపులో చదవగలిగేదిగా ఉండాలి. జంటకు ఒక కాగితం, దాని మీద నాలుగు గళ్లు. మార్కులకు, గ్రేడ్లకు అందులో చోటు లేదు. 'ఎలా చదివాం' అన్న గడిలో ఒక్క అక్షరం రాయాలి. 'క' అంటే ఎక్కువ భాగం కలిసి, 'సా' అంటే సాయంతో, 'ఒ' అంటే ఒక్కడే. మన ఉదాహరణలోని జంట రెండు వారాల కాగితం ఇలా ఉండవచ్చు:

| రోజు | పుస్తకం, పేజీలు | ఎలా చదివాం | ఆగిన మాటలు |
|---|---|---|---|
| సోమ | పిట్ట గూడు, 1–4 | క | గూట్లో |
| బుధ | పిట్ట గూడు, 1–8 | సా | గుడ్లు |
| శుక్ర | పిట్ట గూడు, మళ్లీ | ఒ | – |
| సోమ | బావి దగ్గర, 1–5 | క | నీళ్లు, బిందె |
| బుధ | బావి దగ్గర, 1–8 | సా | నీళ్లు, పళ్లు |
| శుక్ర | బావి దగ్గర, మళ్లీ | సా | ఇళ్లు |

పైపైన చూస్తే అంతా బాగానే ఉంది. ఒక పుస్తకం అయింది, రెండోది నడుస్తోంది. కానీ నాలుగో గడిని పైనుంచి కిందికి చదవండి. గూట్లో, గుడ్లు, నీళ్లు, పళ్లు, ఇళ్లు. 'బిందె' ఒక్కటి తప్ప అన్నిటిలోనూ ల ఒత్తే ఉంది. ఈ పిల్లవాడికి రానివి ఐదు మాటలు కావు, ఒకే ఒక్క ఒత్తు. దానికి కారణం కూడా ఉంది. ట, డ, ద లాంటి అక్షరాల ఒత్తులు చూడటానికి అసలు అక్షరాల్లాగే ఉంటాయి కాబట్టి పిల్లలు పోల్చుకోగలరు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. వాటిని విడిగా నేర్పాలి, చాలామందికి విడిగా ఎవరూ నేర్పరు. శుక్రవారం ఈ కాగితం చూసిన టీచరు సోమవారం ఆ అబ్బాయితో పది నిమిషాలు ల ఒత్తు మాటలు చదివిస్తే సరిపోతుంది. పది కాగితాల్లో ఆరింటిలో అదే ఒత్తు కనపడితే రెండో తరగతి మొత్తానికీ ఆ పాఠం మళ్లీ చెప్పాలి.

ముప్ఫై మంది పిల్లలున్న తరగతిలో ఒక్కొక్కరినీ విడిగా చదివించి, ఎవరు ఎక్కడ ఆగుతున్నారో రాసుకోవడం ఒక టీచరుకు అయ్యే పని కాదు. ఐదో తరగతి అమ్మాయి ఆగిన మాటను నాలుగో గడిలో రాసినప్పుడు ఆ పని ఆమె చేసిపెట్టినట్టే. అందుకే ఆ గడి లేకుండా 'చదివాం' అని టిక్కు పెట్టే కాగితం వాడితే ఉపయోగం లేదని నా అభిప్రాయం.

కాగితం అబద్ధం కూడా చెబుతుంది. మూడు రోజులు వరసగా 'ఒ' అని ఉండి, ఆగిన మాట ఒక్కటీ లేకపోతే సంతోషించే ముందు వెళ్లి ఆ జంట పక్కన రెండు నిమిషాలు కూర్చోవాలి. పుస్తకం మరీ తేలికై ఉండవచ్చు, లేదా అక్కే గడగడా చదివేస్తూ తమ్ముడు తల ఊపుతూ ఉండవచ్చు. రెండోదైతే దూరం నుంచే తెలుస్తుంది. చదువుతున్నవాడి కళ్లు అక్షరాల మీద ఉంటాయి, వింటున్నవాడి కళ్లు అక్క ముఖం మీద ఉంటాయి. నాలుగు రోజులైనా 'క' దాటకపోతే పుస్తకం ఎక్కువైంది. ఒకే మాట మూడుసార్లు కనపడితే దాన్ని అట్టముక్క మీద రాసి చదువుకు ముందు చూపించాలి.

అక్కకే రాని మాట తగిలితే? ఇది తరచు జరుగుతుంది, ముఖ్యంగా జాబితా కింది భాగంలో ఉన్న జంటలకు. దానికోసం ప్రతి జంట దగ్గరా ఒక ఎర్ర చీటీ ఉండాలి. ఇద్దరికీ తెలియకపోతే అది పైకెత్తాలి. టీచరో, పక్కన ఉంచిన ఇద్దరు పెద్దపిల్లల్లో ఒకరో వస్తారు. ఎర్ర చీటీ ఎత్తినవాళ్లను మెచ్చుకోవాలి. లేకపోతే పెద్దపిల్లలు పరువుకోసం తోచింది చెప్పేస్తారు, చిన్నవాడు ఆ తప్పునే నేర్చుకుంటాడు.

మరో గట్టి ప్రమాదం, అక్క టీచరైపోవడం. చెవి మెలిపెట్టడం, తల మీద మొట్టడం, "టీచరుకు చెప్తా" అని బెదిరించడం కొత్తగా అధికారం చేతికొచ్చిన పదేళ్ల పిల్లలు తెలియకుండానే చేస్తారు. వాళ్లు చూసింది అదే. మొదటి రోజే రెండు నియమాలు స్పష్టంగా చెప్పాలి: చెయ్యి ఎత్తకూడదు, 'తప్పు' అనే మాట వాడకూడదు. వారానికి ఒకసారి చిన్నపిల్లల్ని విడిగా కూర్చోబెట్టి "మీ అక్క ఎలా చదివిస్తోంది?" అని అడగాలి. వాళ్లు దాచరు.

ఈ పద్ధతి చేయలేని పనులూ ఉన్నాయి. అక్షరాలే రాని పిల్లవాడికి జంట చదువు సరిపోదు. వాడికి టీచరే కూర్చుని అక్షరాలు, గుణింతాలు నేర్పాలి. జంటలో పెట్టినా ఆ రోజులు అక్క చదివి వినిపించే రోజులుగానే ఉంటాయి. పుస్తకం ముక్కుకు ఆనించి చదివేవాణ్ణి, వరస తప్పి కింది వరసలోకి జారిపోయేవాణ్ణి ముందు కంటి పరీక్షకు పంపాలి. ఎనిమిది వారాలైనా కదలిక లేని పిల్లల విషయంలో జంట మార్చి ఊరుకోకూడదు, కారణం వేరే వెతకాలి.

ఫలితం చూసుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. మొదటి వారంలో, ఎనిమిదో వారంలో ఒక్కొక్క చిన్నపిల్లవాడిచేత ఎన్నడూ చూడని పేరాను ఒక్క నిమిషం చదివించి, సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టాలి. రెండుసార్లూ ఒకే కష్టం ఉన్న పేరా కావాలి. నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. ఆ అంకెను గోడకు అంటించి పిల్లల్ని పరుగెత్తించకండి, వేగంగా చదివి ఏమీ అర్థం కానివాళ్లు తయారవుతారు. పిల్లవాడి మొదటి అంకెకూ రెండో అంకెకూ మధ్య తేడా చూస్తే చాలు. ఐదో తరగతి పిల్లల్ని కూడా అలాగే లెక్కించండి. లాభం ఇద్దరికీ ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. బడి మొత్తానికీ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ఈ నెలలో ఐదో తరగతి నుంచి పన్నెండు మందిని, రెండో తరగతి నుంచి పది మందిని తీసుకోండి. ఇరవై పుస్తకాలు అచ్చు తీయించండి, పది కాగితాలకు గళ్లు గీయించండి. రెండు వారాలు కాగానే, శుక్రవారం మధ్యాహ్నం ఆ పది కాగితాలూ బల్ల మీద పరిచి నాలుగో గడి మాత్రం చదవండి. మూడో వారం ఏ పాఠం చెప్పాలో మీకు అక్కడే దొరుకుతుంది.